90 రోజుల నోటీస్‌ని 47కి తగ్గించమని అడగాలి: ఈ మెయిల్ పంపొచ్చా?

మణికొండ_నాని · ఆగస్టు 6, 2025, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లోనే ఒక సర్వీసెస్ కంపెనీలో చేస్తున్నా. ఆగస్టు 4న పోర్టల్‌లో రిజైన్ కొట్టాను. నోటీస్ 90 రోజులు, పోర్టల్ నా లాస్ట్ వర్కింగ్ డే నవంబర్ 1 అని చూపిస్తోంది. కొత్త కంపెనీ వాళ్ళు సెప్టెంబర్ 22 సోమవారం జాయిన్ అవ్వమంటున్నారు. అంటే 19 శుక్రవారానికల్లా ఇక్కడ బయటపడాలి. 47 రోజులు చేసినట్టు, 43 రోజులు తక్కువ.

గ్రాస్ 1,20,000, అందులో బేసిక్ 48,000. ఎర్న్‌డ్ లీవ్ 18 రోజులుంది. చేయని నోటీస్ రోజులకి డబ్బు కట్టే బయౌట్ అవసరమైతే లక్ష వరకు మేమిస్తామని కొత్త కంపెనీ రిక్రూటర్ ఫోన్‌లో చెప్పాడు.

మేనేజర్‌కి పంపడానికి ఇలా రాసుకున్నా (అసలు మెయిల్ ఇంగ్లీషులోనే, మీ కోసం తెలుగులో పెడుతున్నా):

"వ్యక్తిగత కారణాల వల్ల నన్ను సెప్టెంబర్ 19న రిలీవ్ చేయవలసిందిగా కోరుతున్నాను. మిగిలిన రోజులకు కంపెనీ విధానం ప్రకారం బయౌట్ చెల్లించడానికి సిద్ధంగా ఉన్నాను. నా పనిని ఇంకొకరికి నేర్పే కేటీ పూర్తిగా ఇస్తాను. త్వరగా ఆమోదించగలరు."

రేపు పొద్దున పంపేద్దామనుకుంటున్నా. ఏమైనా మార్చాలా?

---

లా_పాయింట్_రాజు · రాత్రి 11:05

బ్రో, అడుక్కోవడం దేనికి? 90 రోజుల నోటీస్ అసలు చెల్లదు. షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ యాక్ట్‌లో నెల రోజులే ఉంది. నెల చేసి బ్యాగ్ సర్దుకో. బలవంతంగా పని చేయించుకునే హక్కు ఎవరికీ లేదు.

---

పాత_హెచ్ఆర్_పద్మ · రాత్రి 11:31

రాజు గారూ, రెండో ముక్క నిజం, మొదటిది కాదు. ఆ చట్టంలో నెల నోటీస్ అన్నది యజమాని ఉద్యోగిని తీసేసేటప్పటి మాట. ఆరు నెలలు పైబడి పనిచేసిన మనిషిని కారణం లేకుండా తీసేయాలంటే నెల ముందు చెప్పాలి, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. ఉద్యోగి వెళ్ళిపోయేటప్పుడు 90 రోజులు ఒప్పుకుంటూ చేసిన సంతకాన్ని అది కొట్టేయదు.

కోర్టు కూడా "వెళ్ళి ఆ కుర్చీలో కూర్చో" అనదు, అదీ నిజమే. కంపెనీకి ఆ అవసరమూ ఉండదు. రిలీవింగ్ లెటర్ ఆపేస్తుంది, డబ్బు చివరి లెక్క అయిన ఫుల్ అండ్ ఫైనల్‌లో పట్టుకుంటుంది. కొత్త చోట బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్ళు అడిగేది ఆ లెటరే.

నాని గారూ, మెయిల్ రేపు పంపకండి. ముందు ఒకటి చెప్పండి, ఈ కంపెనీలో ఏ తేదీన చేరారు?

---

డల్లాస్_శీను · రాత్రి 11:50

ఇదంతా చూస్తే నవ్వొస్తోంది. మా దగ్గర రెండు వారాలు చెప్తే చాలు, కొన్నిసార్లు అదే రోజు లాప్‌టాప్ తీసేసుకుంటారు. రిజైన్ చేశావు కదా తమ్ముడూ, నిన్ను తీసేస్తారని భయమా? ముందే పంపించేస్తే మంచిదేగా?

---

ఇరానీ_చాయ్ · రాత్రి 11:58

శీనన్నా, ఆయన పంపించమంటున్నాడు, వాళ్ళు పంపించట్లేదు. ప్రశ్న అది.

---

డెలివరీ_బాబాయ్ · ఆగస్టు 7, ఉదయం 7:20

పంతొమ్మిదేళ్ళుగా ఇదే రంగం. ఇలాంటి మెయిళ్ళు నా ఇన్‌బాక్స్‌కి నెలకి రెండు మూడు వస్తాయి. అవతలి వైపు నుంచి చెప్తా.

నీ మెయిల్ నా దగ్గరికి వస్తే నాకు అందులో మూడు కనిపిస్తాయి. వ్యక్తిగత కారణాలు అన్నావు, ఆఫర్ ఉందని నాకు తెలుసు. రెండో వాక్యంలోనే డబ్బు తెచ్చావు, అంటే "ఎంతో చెప్పు, పడేసి పోతా" అన్నట్టు వినిపిస్తుంది. ఇక "కేటీ పూర్తిగా ఇస్తాను" అన్న మాట అందరూ రాస్తారు, దానికి విలువ లేదు. ఎవరికి, ఏ పని, ఏ తేదీకల్లా అన్నది ఉంటేనే నేను దాన్ని పట్టుకుని పైవాళ్ళతో మాట్లాడగలను.

నీ బయౌట్ డబ్బు నా ప్రాజెక్ట్‌కి రాదు, అది కంపెనీ ఖాతాలోకి పోతుంది. నువ్వు వెళ్ళిన మర్నాటి నుంచి క్లయింట్‌కి నీ సీటు బిల్లింగ్ ఆగిపోతుంది, అది మాత్రం నా లెక్కలో పడుతుంది. నా భయం అంతా ఆ సీట్లో ఇంకొకరు కూర్చుని, క్లయింట్ తల ఊపేదాకానే. కాబట్టి నీ పని ఏమిటో చెప్పు. రోజూ ఏం చేస్తావు, నువ్వు లేకపోతే ఏ రోజున ఏది ఆగుతుంది?

---

మణికొండ_నాని · ఉదయం 9:15

పద్మ గారూ, 2020 అక్టోబర్ 5న చేరాను. లాక్‌డౌన్ టైమ్‌లో, లాప్‌టాప్ కొరియర్‌లో వచ్చింది.

బాబాయ్ గారూ, క్లయింట్ బిల్లింగ్ బ్యాచ్ జాబ్‌లు చూస్తాను. ప్రతి నెలా మొదటి ఐదు పనిదినాల్లో, పోయిన నెల లెక్కలు ముగించే మంత్ క్లోజ్. రాత్రి జాబ్ ఫెయిలైతే లేచి చూసేది నేనే. నాతో పాటు ఒక జూనియర్ ఉంది, ఏడాదిన్నర అనుభవం. రోజువారీవి చేసేస్తుంది. క్లోజ్ మాత్రం ఒక్కతే ఎప్పుడూ నడపలేదు.

---

పాత_హెచ్ఆర్_పద్మ · ఉదయం 9:48

అనుకున్నాను. నాని గారూ, ఒక్క నిమిషం ఆగి ఈ లెక్క చూడండి.

అక్టోబర్ 5, 2020న చేరారు. ఈ అక్టోబర్ 4తో మీకు ఐదేళ్ళు నిండుతాయి. ఐదేళ్ళు నిండితే గ్రాట్యుటీ. బేసిక్‌ని 26తో భాగించి 15తో గుణిస్తే ఒక ఏడాదిది, దాన్ని ఐదుతో గుణించండి. 48,000 మీద 1,38,461 రూపాయలు.

సెప్టెంబర్ 19న రిలీవ్ అయితే ఐదేళ్ళకి పదిహేను రోజులు తక్కువ. బయౌట్‌కి డబ్బు కట్టినా ఆ రోజులు సర్వీసులో కలవవు. సర్వీస్ లాస్ట్ వర్కింగ్ డేతోనే ఆగిపోతుంది. అంటే మీరు జేబులోంచి డబ్బిచ్చి మరీ లక్షా ముప్ఫై ఎనిమిది వేలు వదులుకుంటున్నారు. మీరు పూర్తి నోటీస్ చేస్తే మాత్రం అడగకుండానే వచ్చేది.

నేను చూసిన వాటిలో చాలామంది బయౌట్ లెక్క వేసుకుంటారు, దీన్ని మర్చిపోతారు. మీ మెయిల్‌లో తేదీ ఒకసారి లిఖితంగా వెళ్ళాక వెనక్కి జరపడం ఇబ్బంది. అందుకే ఆపమన్నాను.

---

మణికొండ_నాని · ఉదయం 10:02

అయ్యబాబోయ్. నాకు ఇది తట్టనే లేదు.

---

లా_పాయింట్_రాజు · ఉదయం 10:20

మేడమ్, నాలుగేళ్ళ 240 రోజులు చాలు కదా? కోర్టు తీర్పు ఉంది. పైగా కొత్త లేబర్ కోడ్‌లో ఏడాదికే గ్రాట్యుటీ అంటున్నారు.

---

పాత_హెచ్ఆర్_పద్మ · ఉదయం 11:10

ఏడాది అన్నది ఫిక్స్‌డ్ టర్మ్ మీద తీసుకున్న వాళ్ళకి. 2025 ఆగస్టు నాటికి ఆ కోడ్ అమల్లోకి రాలేదు కూడా. నాని గారు పర్మనెంట్ ఉద్యోగి.

240 రోజుల సంగతి మాత్రం మీరు చెప్పింది ఉంది. చట్టంలో "నిరంతర సర్వీస్" నిర్వచనాన్ని పట్టుకుని మద్రాసు హైకోర్టు ఐదో ఏడాదిలో 240 రోజులు పని చేస్తే చాలన్నది. దాన్ని ఒప్పుకుని ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి, "మాకు అక్షరాలా ఐదేళ్ళు కావాలి" అనేవీ ఉన్నాయి. నేను పనిచేసిన రెండు చోట్ల ఒకటి ఇచ్చేది, ఒకటి ఇచ్చేది కాదు. ఇవ్వనివాళ్ళ మీద లేబర్ ఆఫీసులో కంట్రోలింగ్ అథారిటీ దగ్గర కేసు వేయొచ్చు. పదిహేను రోజుల కోసం ఆ తలనొప్పి ఎందుకు అన్నదే నా ప్రశ్న.

---

ఉప్పల్_వినయ్ · మధ్యాహ్నం 1:34

సింపుల్ కదా అన్నా. సెప్టెంబర్ 19 దాకా పని చేయి, ఆ తర్వాత నీ 18 లీవులు పెట్టేయ్. పేపర్ మీద లాస్ట్ డే అక్టోబర్‌లో పడుతుంది, ఐదేళ్ళు నిండిపోతాయి. 22న అక్కడ జాయిన్ అయిపో. ఎవరికి తెలుస్తుంది?

---

డెలివరీ_బాబాయ్ · మధ్యాహ్నం 2:05

పీఎఫ్ పాస్‌బుక్‌కి తెలుస్తుంది. పాత కంపెనీ ఎగ్జిట్ డేట్ అక్టోబర్ అని వేస్తుంది, కొత్త కంపెనీ చేరిన తేదీ సెప్టెంబర్ 22 అని వేస్తుంది. ఒకే పీఎఫ్ నంబర్, అదే యూఏఎన్ కింద రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. మా దగ్గర ఒక అబ్బాయికి ఆఫర్ వెనక్కి తీసుకున్నది సరిగ్గా ఇలాంటి పన్నెండు రోజుల ఓవర్‌ల్యాప్‌కే. పైగా చాలా కంపెనీల్లో నోటీస్‌లో లీవ్ పెడితే అన్ని రోజులు నోటీస్ పొడిగిస్తారు.

లీవుల్ని వాడే దారి వేరే ఉంది, దానికి వస్తా. ముందు తేదీ సంగతి.

నాని, క్యాలెండర్ తీసి చూడు. ఈసారి దసరా అక్టోబర్ 2న. సెప్టెంబర్ నెల క్లోజ్ అక్టోబర్ 1, 3, 6, 7, 8 తేదీల్లో పడుతుంది. క్వార్టర్ ఎండ్ కూడా అదే. బతుకమ్మకీ దసరాకీ సగం టీమ్ ఊళ్ళలో ఉంటుంది. మీ మేనేజర్‌కి సెప్టెంబర్ 19 అన్న తేదీ ఎలా కనిపిస్తుందో అర్థమైందా? ఏడాదిలో అన్నిటికన్నా బరువైన క్లోజ్‌కి పన్నెండు రోజుల ముందు, క్లోజ్ తెలిసిన ఒక్క మనిషి పోతున్నాడు. నేనైతే చదవకుండానే రిజెక్ట్ కొడతా.

ఇప్పుడు అదే క్లోజ్‌ని నీ వైపు తిప్పుకో. అక్టోబర్ 10 శుక్రవారం అడుగు. క్లోజ్ 8తో అయిపోతుంది, రెండు రోజులు తోకలు సర్దడానికి. మేనేజర్‌కి ఆయన భయం తీరింది, నీకు ఐదేళ్ళు నిండాయి. కొత్త కంపెనీని 22 నుంచి అక్టోబర్ 13 సోమవారానికి, మూడు వారాలు జరపమని అడగాలి. అదొక్కటే తేలాలి.

---

సుజాత_బెజవాడ · సాయంత్రం 4:40

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌ని. మాకు నోటీస్ మూడు నెలలు, అదీ సెమిస్టర్ అయ్యాకే అంటున్నారు. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళే పెట్టుకున్నారు. బయౌట్ కడతానన్నా పదో తరగతి మెమో కూడా ఇవ్వట్లేదు. మాకు కూడా ఇలాంటి మెయిల్ పనిచేస్తుందా?

---

పాత_హెచ్ఆర్_పద్మ · సాయంత్రం 5:15

సుజాత గారూ, మీది వేరే కథ, మెయిల్‌తో తేలేది కాదు. ఒరిజినల్స్ పట్టుకుని కూర్చోవడాన్ని ఇంజనీరింగ్ కాలేజీల మీద ఉండే ఏఐసీటీఈ ఒప్పుకోదు. ముందు మీరిచ్చిన సర్టిఫికెట్ల జాబితా, చేరినప్పుడు రసీదు ఇచ్చి ఉంటే దాని కాపీ జతచేసి లిఖితంగా అడగండి. విడిగా ఒక టాపిక్ తెరవండి, అక్కడ మాట్లాడుకుందాం.

నాని గారూ, డబ్బు విషయం. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో బయౌట్ బేసిక్ మీదా, గ్రాస్ మీదా?

---

మణికొండ_నాని · రాత్రి 8:30

లెటర్‌లో "వేతనం" అని ఒక్క మాటే ఉంది. పోర్టల్‌లో సెపరేషన్ పాలసీ తీసి చూశా, అందులో గ్రాస్ అని స్పష్టంగా ఉంది. నేను ఇన్నాళ్ళూ బేసిక్ అనుకుని 68,800 లెక్క వేసుకున్నా. గ్రాస్ అంటే రోజుకి 4,000, 43 రోజులకి 1,72,000!

---

పాత_హెచ్ఆర్_పద్మ · రాత్రి 9:05

అదే నా అనుమానం. ఇక బాబాయ్ గారు చెప్తానన్న లీవుల దారి నేనే చెప్పేస్తా. పాలసీలో "లీవ్ అడ్జస్ట్‌మెంట్" అని ఉందేమో చూడండి. మిగిలిన ఎర్న్‌డ్ లీవుని, చేయని నోటీస్ రోజులకి రోజుకి రోజు లెక్కన సరిపెట్టడం. మీరు లీవ్‌లో ఉన్నట్టు కాదు, తేదీ ముందుకే వస్తుంది, కాబట్టి ఓవర్‌ల్యాప్ గొడవ లేదు.

మీ లాంటి పాలసీలో దీని విలువ ఎక్కువ. లీవ్ ఎన్‌క్యాష్ చేసుకుంటే సాధారణంగా బేసిక్ మీద ఇస్తారు. 18 రోజులకి రోజుకి 1,600 చొప్పున 28,800 చేతికొస్తుంది. అవే 18 రోజులు నోటీస్‌కి సరిపెడితే రోజుకి 4,000 చొప్పున 72,000 కట్టాల్సింది తప్పుతుంది. అడక్కపోతే పేరోల్ వాళ్ళు తమంతట తాము చేయరు. ఎన్‌క్యాష్ ఒక వరుసలో, రికవరీ ఇంకో వరుసలో వేసి పంపేస్తారు.

అక్టోబర్ 10 అయితే మీరు చేసేది 68 రోజులు. తక్కువయ్యేది 22. అందులో 18 లీవ్‌తో పోతే మిగిలేది నాలుగు రోజులు, 16,000.

---

ఇరానీ_చాయ్ · రాత్రి 9:12

లక్షా డెబ్బై రెండు వేల నుంచి పదహారు వేలకి వచ్చింది. ఈ టాపిక్‌కి ఫీజు పెట్టాలి.

---

కూకట్‌పల్లి_సీఏ · రాత్రి 9:40

పన్ను వైపు ఒక మాట. కొత్త కంపెనీ ఇచ్చే బయౌట్ డబ్బు మీ జీతంలో భాగంగానే వస్తుంది, పన్ను పడుతుంది. 20% శ్లాబులో ఉంటే సెస్‌తో కలిపి లక్షకి 20,800 అక్కడే పోతుంది. పాత కంపెనీ పట్టుకున్న డబ్బుని మీ జీతంలోంచి తీసేసి లెక్కించాలని అహ్మదాబాద్ ట్రిబ్యునల్ 2017లో ఒక కేసులో ఒప్పుకుంది. కానీ ఎక్కువ కంపెనీలు ఫారం 16లో పూర్తి జీతమే చూపిస్తాయి. రిటర్న్‌లో తగ్గించి చూపిస్తే నోటీసు రావచ్చు, జవాబు చెప్పుకోవాలి. 16,000 కోసమైతే నా క్లయింట్‌కి వదిలేయమంటాను.

జీఎస్టీ 18% అని ఎవరైనా అదనంగా వేస్తే మాత్రం ఒప్పుకోవద్దు. నోటీస్ పే రికవరీ మీద జీఎస్టీ లేదని 2022 ఆగస్టులో సర్క్యులరే వచ్చింది.

---

డెలివరీ_బాబాయ్ · ఆగస్టు 8, ఉదయం 6:55

ఇప్పుడు మెయిల్. ముందు మేనేజర్‌తో ఎదురుగా కూర్చుని పది నిమిషాలు మాట్లాడు. ఆయనకి మెయిల్‌లోనే మొదటిసారి తెలియకూడదు. తర్వాత ఇలా, ఇంగ్లీషు నువ్వు చేసుకో:

"సార్, ఈ ఉదయం మాట్లాడుకున్నట్టు, నా చివరి పనిదినాన్ని నవంబర్ 1 నుంచి అక్టోబర్ 10కి మార్చమని కోరుతున్నాను. సెప్టెంబర్ నెల క్లోజ్ అక్టోబర్ 8న ముగిసేవరకు నేను ఉంటాను. దసరా వారంలో నేను సెలవు తీసుకోను.

ఆగస్టు క్లోజ్‌ని సెప్టెంబర్ మొదటి వారంలో నేను నడుపుతాను, జూనియర్ పక్కన కూర్చుని రాసుకుంటుంది. సెప్టెంబర్ క్లోజ్ ఆమె నడుపుతుంది, నేను పక్కన ఉంటాను. ఫెయిలయ్యే జాబ్‌లు, ఎవరికి ఫోన్ చేయాలి, ఎక్కడి నుంచి రీస్టార్ట్ చేయాలి అన్నవి ఆగస్టు 29కల్లా డాక్యుమెంట్‌లో పెడతాను. సెప్టెంబర్ 15 నుంచి రాత్రి కాల్స్ మొదట ఆమెకి, తర్వాత నాకు వచ్చేలా మార్చవచ్చు.

తగ్గే 22 రోజుల్లో 18 రోజులను నా ఎర్న్‌డ్ లీవ్‌తో సరిపెట్టమని, అవసరమైతే మిగిలిన నాలుగు రోజులకు బయౌట్ తీసుకోమని కోరుతున్నాను."

డబ్బు చివర వచ్చింది చూడు, అదీ నాలుగు రోజులకే. ఆమె ఒక క్లోజ్ తనే నడిపింది అన్న మాటే క్లయింట్ దగ్గర నాకు పనికొచ్చేది. నాకు ఇలాంటి మెయిల్ వస్తే ఒక్క అక్షరం మార్చకుండా పైకి ఫార్వార్డ్ చేస్తా.

ఆయన "సరే, చూద్దాం" అంటే అయిపోయినట్టు కాదు. పోర్టల్‌లో తేదీ అక్టోబర్ 10 అని మారేదాకా కొత్త కంపెనీకి ఏమీ ఖాయంగా చెప్పకు.

---

లా_పాయింట్_రాజు · ఉదయం 8:30

కొత్త కంపెనీ మూడు వారాలు ఆగకపోతే? ఆఫర్ పోతే గ్రాట్యుటీతో ఏం చేసుకుంటాడు?

---

డెలివరీ_బాబాయ్ · ఉదయం 8:44

ఈ ప్రశ్న మాత్రం నిజం రాజూ. అది నాకూ తెలియదు. వాళ్ళకి ఆ సీటు ఎంత అర్జెంటో వాళ్ళకే తెలుసు. రిక్రూటర్‌ని కాదు, ఇంటర్వ్యూ చేసిన మేనేజర్‌ని అడగమంటాను.

---

మణికొండ_నాని · ఆగస్టు 21, రాత్రి 9:55

అప్‌డేట్ ఇవ్వడం ఆలస్యమైంది, క్షమించండి.

ముందు కొత్త కంపెనీ. రిక్రూటర్ "కుదరదు, ఇంకొకళ్ళని చూసుకుంటాం" అన్నాడు. రెండు రోజులు నిద్ర పట్టలేదు. బాబాయ్ గారు చెప్పినట్టు ఇంటర్వ్యూ చేసినాయనకి రాశాను, క్వార్టర్ క్లోజ్ వదిలి రాలేనని. "రేపు మా దగ్గరైనా అలాగే చేస్తావుగా" అని నవ్వి అక్టోబర్ 13కి మార్చిన ఆఫర్ లెటర్ పంపించాడు. బయౌట్ మాత్రం ఇప్పుడు లెటర్‌లో ఉంది: ఫుల్ అండ్ ఫైనల్ స్టేట్‌మెంట్ చూపిస్తే తిరిగి ఇస్తారట, ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలట. 16,000 కోసం అడగాలా వద్దా అని ఆలోచిస్తున్నా.

మా మేనేజర్ మొదట అక్టోబర్ 17 అన్నారు. జూనియర్ ఆగస్టు క్లోజ్‌లో పక్కన కూర్చోవడమే కాదు, మూడో రోజు తనే నడిపేలా ప్లాన్ మార్చి చూపించాను. 10కి ఒప్పుకున్నారు. లీవ్ అడ్జస్ట్‌మెంట్ మీద హెచ్ఆర్ "మేనేజర్ అప్రూవల్ ఉంటేనే" అంది, అదీ వచ్చింది. నిన్న సాయంత్రం పోర్టల్‌లో తేదీ మారింది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

240 రోజుల సంగతి కూడా ఊరికే అడిగి చూశా పద్మ గారూ. "మా పాలసీలో ఐదేళ్ళు పూర్తి కావాలి" అని ఒక్క లైన్ జవాబు.

---

పాత_హెచ్ఆర్_పద్మ · రాత్రి 10:20

సంతోషం. రిలీవింగ్ లెటర్‌లోనూ, పీఎఫ్ ఎగ్జిట్ డేట్‌లోనూ అక్టోబర్ 10 అనే ఉందో లేదో వచ్చాక చూసుకోండి. గ్రాట్యుటీకి ఫారం ఐ మీరే పెట్టుకోండి, వాళ్ళు అడిగేదాకా ఆగకండి.

---

ఉప్పల్_వినయ్ · రాత్రి 10:41

అన్నా, నేను 2020 డిసెంబర్ 14న చేరాను. కొత్త ఆఫర్ డిసెంబర్ 1కి. నా బేసిక్ 31,000. లెక్క ఎవరైనా చేసిపెడతారా?

---

ఇరానీ_చాయ్ · రాత్రి 10:43

లీవులు పెట్టి జాయిన్ అయిపో అన్నావుగా తమ్ముడూ.